పది వేల డిస్కౌంటు తీసుకోవాల్నా, లెక్క చెప్పమని పట్టుపట్టాల్నా?

ఎమ్మిగనూరు బిడ్డ
మా నాయనకు న్యుమోనియా వచ్చి కర్నూల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 3వ తేదీ రాత్రి 10కి చేర్చినాము. 11వ తేదీ మధ్యాన్నం డిశ్చార్జి. బిల్లు 2 లక్షల 14 వేలు. నా గాజులు కుదువ పెట్టి కట్టినాను. ఇంటికొచ్చి డిశ్చార్జి సమ్మరీ, బిల్లు పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ కలవలేదు. ఏది దేనికి వేసినారో వివరంగా చెప్పమని లెటర్ రాసినాను. నిన్న ఫోన్ చేసి "పది వేలు తగ్గిస్తాం, వచ్చి ఒక సంతకం పెట్టి తీసుకుపోండి" అన్నారు. తీసుకోవాల్నా, లెక్కే కావాలనాల్నా?

పెద్దప్ప
తీసుకోమ్మా. ఇంగా అడుగుతావేంది? ఆసుపత్రోళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఫోన్ చేసి తగ్గిస్తామనడం నా అరవై ఏండ్లల్లో నేను చూల్లేదు. నాయన బతికి ఇంటికొచ్చినాడు. ఆ డాక్టరు రాత్రి పది గంటలకు చేర్చుకున్నాడు, పొద్దున రాపో అనలేదు. దానికి వెల కట్టగలవా? పది వేలు తీసుకుని గాజుల వడ్డీ కట్టుకో.

కడప కారం
ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉండి కూడా డబ్బులు కట్టించుకున్నారా? అయితే ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. ఇట్లాంటోళ్ళను వదలొద్దు.

ఎమ్మిగనూరు బిడ్డ
లేదన్నా, కార్డు మీద చేర్చలేదు. డబ్బులు కట్టే చేరినాము. నా ప్రశ్న అది కాదు.

బిల్లు కౌంటరు మాజీ
అమ్మా, నేను తొమ్మిదేళ్ళు ఒక ఆసుపత్రి బిల్లింగులో పనిచేసి మానేసినవాణ్ణి. మొత్తం ఎంతయిందో పక్కన పెట్టండి. సమ్మరీలో ఏ తేదీకి ఏముంది, బిల్లులో అదే విషయానికి ఏముంది, కలవనివి మాత్రం చెప్పండి.

ఎమ్మిగనూరు బిడ్డ
మూడు ఉన్నాయి సార్.
సమ్మరీలో 7వ తేదీ ఐసీయూ నుంచి వార్డుకు మార్చినట్టు రాసినారు. మార్చింది పొద్దున 11కి. బిల్లులో ఐసీయూ 5 రోజులు, రోజుకు 6,500. రూము 5 రోజులు, రోజుకు 2,500.
సమ్మరీలో ఊపిరాడటానికి పెట్టే బైపాప్ మాస్కు 3 రాత్రి నుంచి 5 సాయంత్రం దాకా. బిల్లులో "వెంటిలేటర్ ఛార్జీ" 4 రోజులు.
సమ్మరీలో మెరోపెనం 1 గ్రాము రోజుకు మూడుసార్లు, 5 రోజులు. ఫార్మసీ బిల్లులన్నీ కలిపితే 20 వయల్స్. రెండు వాపసు ఇచ్చిన స్లిప్పు ఉంది.

బిల్లు కౌంటరు మాజీ
చాలా బాగా పట్టుకున్నారు. ఒక్కొక్కటి చూద్దాం.

రోజుల లెక్క ఆసుపత్రిని బట్టి మారుతుంది. కొన్ని చోట్ల రాత్రి 12కి పేషెంటు ఏ మంచం మీద ఉంటే ఆ మంచానికి ఒక రోజు. అట్లా చూస్తే మీ నాయన ఐసీయూలో 4 రాత్రులు, వార్డులో 4 రాత్రులు, మొత్తం 8. కొన్ని చోట్ల క్యాలెండర్ తేదీ ప్రకారం వేస్తారు. అప్పుడు 3 నుంచి 11 దాకా 9. మీ బిల్లులో 10 ఉంది. ఏ పద్ధతిలో లెక్కేసినా 10 రాదు, 7వ తేదీ రెండు చోట్లా పడితే తప్ప. బెడ్ మార్చినప్పుడు సాఫ్ట్‌వేరులో పాత బెడ్‌ను మూయకుండా కొత్తది తెరిస్తే ఇట్లాగే అవుతుంది. నా చేతులతో నేనే చేసినాను, ఒకసారి కాదు.

మందు సంగతి వేరు. 20లో 2 పోతే 18. రోజుకు మూడు చొప్పున 5 రోజులకు 15. మూడు ఎక్కువున్నాయని గొడవకు దిగొద్దు. 18 అంటే సరిగ్గా 6 రోజులు. అంటే బిల్లు కరెక్టయి సమ్మరీ తప్పు కావచ్చు. సమ్మరీని డ్యూటీ డాక్టరు డిశ్చార్జి రోజు హడావిడిలో టైపు చేస్తాడు. మందు నిజంగా ఎన్నిసార్లు పడిందో చెప్పేది డ్రగ్ చార్టు. నర్సు డోసు ఇచ్చిన ప్రతిసారీ టైమేసి సంతకం పెట్టే కాగితం అది. సమ్మరీ తప్పయితే డబ్బు కంటే అదే పెద్ద విషయం. రేపు ఇంకో డాక్టరు ఆ కాగితం చూసే మందు రాస్తాడు.

తాడిపత్రి రాయి
డిశ్చార్జి రోజుకు బెడ్ ఛార్జి వేయగూడదు. రూలు ఉంది. ఆ లెక్కన 8 రోజులే. అక్కా, 9కి ఒప్పుకోవద్దు.

బిల్లు కౌంటరు మాజీ
తమ్ముడూ, ఏ రూలు? అది ఆసుపత్రి టారిఫ్ షీటులో ఉంటుంది. ఒక్కోచోట ఒక్కో తీరు. మధ్యాన్నం 12 దాటితే వేస్తామని రాసుకున్న చోట వేస్తారు.

తాడిపత్రి రాయి
లాడ్జిలో చెక్-అవుట్ అయినంక ఎవడన్నా వేస్తాడా?

బిల్లు కౌంటరు మాజీ
లాడ్జిలో కూడా 12 దాటితే వేస్తాడు.

తాడిపత్రి రాయి
మా పాపకు డెంగీ వచ్చినప్పుడు అనంతపురంలో పొద్దున 9కి డిశ్చార్జి రాసినారు. బిల్లు చేతికొచ్చేసరికి సాయంత్రం 4. ఆలస్యం వాళ్ళది, ఛార్జి మాకు. ప్లేట్లెట్లు రోజుకు రెండుసార్లు చూసినామని వేసినారు, రిపోర్టులు ఒక్కోటే ఉండె. ఎవరినడిగినా పైనోళ్ళను అడగమనిరి. మీరు బిల్లింగోళ్ళు అంతా ఒకటే.

గమ్మునుండు
నేనూ చూస్తున్నా, ఏమయిందో రాయండి.

ఎమ్మిగనూరు బిడ్డ
సార్, బైపాప్ సంగతి?

బిల్లు కౌంటరు మాజీ
దాన్ని తప్పని ఇప్పుడే అనలేం. మాస్కు తీసేసినాక కూడా రాత్రిపూట కొన్ని గంటలు మళ్ళీ పెట్టడం మామూలే. సమ్మరీలో అది రాయరు. 5 రాత్రి నుంచి 6 దాకా అట్లా పెట్టి ఉంటే 4 రోజులు సరిపోతుంది. ఐసీయూ చార్టులో గంట గంటకూ రాస్తారు, అదే సాక్ష్యం. కానీ బైపాప్‌ను వెంటిలేటర్ పేరుతో వేసినారే, రెండింటికీ రేటు ఒకటేనా? అది అడగండి.

మీ లెటర్ ఎట్లా రాసినారు?

ఎమ్మిగనూరు బిడ్డ
మొదటి వాక్యం చెప్పాలంటే సిగ్గుగా ఉంది. "పేదోళ్ళ రక్తం తాగి మేడలు కట్టుకున్న మీకు" అని మొదలుపెట్టినా. మా తమ్ముడు డిక్టేషన్.

బిల్లు కౌంటరు మాజీ
అందుకే పది వేలన్నారు. కోపానికి డిస్కౌంటు ఇస్తారు, ప్రశ్నకు జవాబివ్వాలి. ఇట్లా రాయండి:

"మా తండ్రి ఐపీ నంబరు ఫలానా. డిశ్చార్జి సమ్మరీ రెండో పేజీలో 7వ తేదీ వార్డుకు మార్చినట్టు ఉంది. బిల్లులో ఐసీయూ 5, రూము 5, మొత్తం 10 రోజులు ఉంది. మేము ఉన్నది 8 రాత్రులు. మీరు రోజును ఏ గంట నుంచి లెక్కిస్తారో, 7వ తేదీ రెండు చోట్ల ఎందుకు పడిందో తెలపగలరు."

మిగిలిన రెండూ ఇదే తీరు. కాగితం పేరు, పేజీ, అక్కడేముంది, ఇక్కడేముంది, ప్రశ్న. దోచుకున్నారనే మాట ఎక్కడా వద్దు. చివర డ్రగ్ చార్టు, ఐసీయూ చార్టు నకళ్ళు కావాలని అడగండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని ఉంది. రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద ఆసుపత్రి ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ పది వేలకు పెట్టమనే సంతకం మాత్రం చదవకుండా పెట్టొద్దు. "ఇకమీదట ఈ బిల్లుపై ఎట్లాంటి అభ్యంతరం లేదు" అని ఉంటుంది.

పెద్దప్ప
ముద్రలు, నకళ్ళు, నిబంధనలు. నువ్వు బాగ చెప్తావు నాయనా, నీకేం పోతుంది. ఆ పిల్ల మళ్ళా ఆ ఆసుపత్రికే పోవాల్నా లేదా?

బిల్లు కౌంటరు మాజీ
పోవాలి. అందుకే మర్యాదగా రాయమంటున్నా.

పెద్దప్ప
మర్యాదగా రాసినా లెక్క అడిగింది అడిగినట్టే. చేసిన మేలు మరిచి…

తాడిపత్రి రాయి
ఏం మేలు పెద్దాయనా? ఊరికే చేసినారా? రెండు లక్షలు తీసుకున్నారు. మీయట్లాంటోళ్ళు దండాలు పెట్టీ పెట్టీ వాళ్ళను ఈ కాడికి తెచ్చినారు. మీకేమన్నా మెడికల్ షాపు ఉందా ఆడ?

పెద్దప్ప
షాపు లేదురా. నోరు జారొద్దు. చెప్పకూడదనుకున్నా, చెప్తా విను. ఆరేండ్ల కింద మా ఇంటామెకు ఊపిరాడక చేర్చినాము. బిల్లు కాడ నేనూ నీ మాదిరే అరిచినా. చేయని స్కానింగుకు వేసినారు, అది నిజమే, ఒప్పుకొని తీసేసినారు కూడా. గెలిచినా అనుకున్నా. నాలుగు నెలలకు మళ్ళా అర్ధరాత్రి ఊపిరాడలే. అదే ఆసుపత్రికి పోతే "బెడ్లు లేవు" అన్నారు. నిజంగానే లేవో, నా మొఖం చూసి లేవన్నారో ఈ పొద్దుకూ తెలీదు. బుధవారపేట పెద్దాసుపత్రికి తోలుకపోయినాము, వాళ్ళు బాగనే చూసినారు, బతికింది. కానీ ఆ ఆటోలో ఆ ఇరవై నిమిషాలు... నేను డబ్బుల గురించి మాట్లాడటంలేదమ్మా. ఊర్లో ఊపిరితిత్తుల డాక్టర్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకో, అదీ నీ లెటర్లో వేసుకో.

గమ్మునుండు
…

బిల్లు కౌంటరు మాజీ
పెద్దాయనా, ఇదే ముందు చెప్పి ఉంటే నేను ఇంకోలా మాట్లాడేవాణ్ణి. మీ భయం ఉత్తదని అనను. లోపల పనిచేసిన మనిషిగా ఒకటే చెప్పగలను. లెటర్లు బిల్లింగు మేనేజరు టేబుల్ మీదే ఆగుతాయి, డాక్టరు దాకా చాలావరకు పోవు. కౌంటరు కాడ అరుపులు మాత్రం అందరికీ గుర్తుంటాయి.

తాడిపత్రి రాయి
పెద్దాయనా, షాపు మాట వెనక్కి తీసుకుంటున్నా. డిశ్చార్జి రోజు ఛార్జి మాత్రం వేయగూడదు.

కడప కారం
ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. ఆసుపత్రి సేవలు కూడా దాని కిందికే వస్తాయని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేండ్ల లోపల వేయాల.

ఎమ్మిగనూరు బిడ్డ
కేసు వరకు పోవాలని లేదన్నా. సార్ చెప్పినట్టు తిరగరాసి సోమవారం ఇస్తా. నాయనకు ఆ పొద్దే రివ్యూ ఉంది. ముందు డాక్టరుకు చూపించి, తర్వాత కౌంటరుకు పోతా.

పెద్దప్ప
అట్లయితే సరే. వరస తప్పొద్దు.

ఎమ్మిగనూరు బిడ్డ
(పది రోజుల తర్వాత)
జవాబు వచ్చింది. వాళ్ళు క్యాలెండర్ తేదీలు లెక్కేస్తారంట, అంటే 9 రోజులు. 7వ తేదీ రెండుసార్లు పడిందని ఒప్పుకున్నారు. రూము 2,500 తీసేసి, ఐసీయూ 6,500 ఉంచుకున్నారు. పొద్దున 11కే మార్చినారు కదా, రూము రేటు వేయండి అంటే, రెండింట్లో ఎక్కువదే తమ పద్ధతి అన్నారు. డ్రగ్ చార్టు చూపించినారు, మెరోపెనం 6 రోజులు పడింది, 18 సంతకాలు నేనే లెక్కపెట్టినా. సమ్మరీ తప్పు. మార్చి కొత్తది ఇచ్చినారు. బైపాప్ సంగతి తేలలేదు, ఐసీయూ చార్టు రికార్డు రూములో ఉందంట, నకలుకు అర్జీ పెట్టినా.

తాడిపత్రి రాయి
పది వేలు పోయి రెండున్నర వేలు వచ్చినాయా!

ఎమ్మిగనూరు బిడ్డ
ఆ. మా తమ్ముడు కూడా అదే అని నవ్వుతున్నాడు.

పెద్దప్ప
డబ్బు సంగతి వదిలెయ్యి. డాక్టరు ఏమన్నాడు?

ఎమ్మిగనూరు బిడ్డ
ఛాతీ చూసి, ఒక మాత్ర తగ్గించి, నెలకు మళ్ళా రమ్మన్నాడు. లెటర్ మాట ఎత్తలేదు పెద్దప్పా. నేనూ ఎత్తలేదు.