ఎస్‌ఓపీలో జీఆర్‌ఈ పదాలు ఉంచాలా, తీసేయాలా?

ప్రణవ్: అమెరికాలో జలవనరుల ఇంజినీరింగ్ ఎంఎస్‌కు దరఖాస్తు చేస్తున్నాను. బీటెక్ ప్రాజెక్టు గురించి ఎస్‌ఓపీలో, అంటే ఏం చదవాలనుకుంటున్నామో, ఎందుకో చెబుతూ దరఖాస్తుతో పంపే వ్యాసంలో, ‘ఎ మెటిక్యులస్ ఎండీవర్ టు ఎలూసిడేట్ ది మల్టీఫేరియస్ రామిఫికేషన్స్ ఆఫ్ అక్విఫర్ డిప్లీషన్’ అని రాశాను. కృత్రిమంగా ఉందని సీనియర్ ఒకరు అన్నారు. జీఆర్‌ఈ కోసం కష్టపడి నేర్చుకున్న పదాలు వాడితే తప్పేమిటి?

శ్రీనివాస్: తప్పే. పెద్ద పదం కనిపించిన ప్రతిచోటా కొట్టేయండి. ‘అక్విఫర్’ కూడా ఎందుకు, ‘భూమి కింది నీరు’ అంటే సరిపోతుంది కదా.

డా. లలిత: శ్రీనివాస్ గారితో సగమే ఏకీభవిస్తాను. అక్విఫర్ అంటే నీరు కాదు, నీటిని నిల్వ చేసుకుని బావులకు అందించగల రాతి లేదా మట్టి పొర. ఈ రంగంలో దానికి బదులుగా వాడదగిన మాట లేదు కాబట్టి అది ఉండాలి. ప్రణవ్ గారూ, ఇంతకీ మీరు చేసిన పని ఏమిటి?

ప్రణవ్: అనంతపురం జిల్లాలో తొమ్మిది వ్యవసాయ బోర్లలో ఒక వేసవి అంతా మోటారు వేయకముందు, ఆపిన వెంటనే, మరుసటి ఉదయం నీటిమట్టం కొలిచాను.

డా. లలిత: అయితే అసలు చిక్కు ‘డిప్లీషన్’ దగ్గరే ఉంది. మోటారు నడుస్తున్నప్పుడు బోరులో మట్టం దిగడాన్ని డ్రాడౌన్ అంటాము, ఆపాక మళ్లీ పైకి రావడం రికవరీ; డిప్లీషన్ అంటే ఏళ్ల తరబడి నిల్వే తరిగిపోవడం. పర్యాయపద నిఘంటువు వీటి మధ్య తేడా చెప్పదు, కానీ మీ దరఖాస్తు చదివే ఆచార్యుడు ఒక్క వేసవి కొలతలతో డిప్లీషన్ ఎలా తేల్చారని వెంటనే అడుగుతాడు. ‘తొమ్మిది బోర్లలో డ్రాడౌన్, రికవరీ కొలిచాను, ఫలానా బోర్లలో మరుసటి ఉదయానికీ మట్టం పూర్తిగా తిరిగి రాలేదు’ అని రాస్తే, మెటిక్యులస్ అని మీరు చెప్పుకోనవసరం లేకుండానే ఆ శ్రద్ధ కనిపిస్తుంది. ఎలూసిడేట్, మల్టీఫేరియస్ తీసేసి చూడండి, అర్థంలో ఏమీ తగ్గదు.

రమాదేవి: మా అమ్మాయి బ్రిటన్‌లో డిగ్రీకి దరఖాస్తు చేస్తోంది. అక్కడ డిగ్రీ దరఖాస్తులు తీసుకునే యూకాస్ వారు 2026 ప్రవేశాల నుంచి ఒకే వ్యాసానికి బదులు మూడు ప్రశ్నలు ఇచ్చారు, అన్నీ కలిపి 4,000 అక్షరాలు దాటకూడదు, ఖాళీలు కూడా లెక్కే. ఆడంబరమైన పదాలు తీసేశాకే ప్రయోగశాల పని గురించి రాయడానికి చోటు దొరికింది.

కార్తీక్: నేను అమీర్‌పేట కోచింగ్‌లో బట్టీపట్టిన పదాలన్నీ కుమ్మరించాను, అయినా సీటు వచ్చింది. అంత పట్టింపు అవసరమా?

డా. లలిత: మార్కులు, సిఫారసు లేఖలు కూడా చూస్తారు కనుక, సీటు ఆ పదాల వల్ల వచ్చిందో, అవి ఉన్నా వచ్చిందో మీరూ నేనూ చెప్పలేము.

ప్రణవ్: రికవరీ రాని బోర్లు మూడు, మూడూ ఒకే చెరువుకు దిగువన ఉన్నాయి. కారణం ఇంకా తెలియదు. అది కూడా రాయవచ్చా?

డా. లలిత: రాయండి, ఎంఎస్‌లో ఏం చదవాలనుకుంటున్నారో అదే చెబుతుంది.