అప్‌డేట్: టెన్నిస్ షీట్‌లో 0.64, సిమ్యులేషన్‌లో 0.74 ఎందుకు వచ్చాయో తేలింది

నా ప్రశ్న: సర్వ్ మీద పాయింట్ గెలిచే అవకాశం p = 0.6 అని ఇస్తే, గేమ్ గెలిచే అవకాశం సీనియర్లు ఇచ్చిన షీట్‌లో 0.64, సిమ్యులేషన్‌లో 0.74 వస్తోంది. ఏది నమ్మాలి?

సాయం చేసిన అన్నలకు, అక్కలకు థ్యాంక్స్. సిమ్యులేషనే కరెక్టు. "డ్యూస్ చూడు" అన్న సలహా పనిచేసింది. నల్గొండలో మా స్టాటిస్టిక్స్ సార్ కూడా షీట్ తెరవగానే అక్కడే వేలు పెట్టారు.

డ్యూస్ దాకా వెళ్లే అవకాశం 0.276. అక్కడ వరుసగా రెండు పాయింట్లు గెలిస్తే గేమ్ మనది, చెరొకటి గెలిస్తే మళ్లీ డ్యూస్. షీట్ ఈ మళ్లీ వచ్చే డ్యూస్‌ను వదిలేసి 0.36తో ఆపేసింది. అది ఎన్నిసార్లయినా రావచ్చు కాబట్టి p²తో ఆగకుండా దాన్ని p²+q²తో భాగించాలి. అప్పుడు 0.692 వస్తుంది.

```
q = 1-p
G = p^4*(1+4*q+10*q^2) + 20*p^3*q^3 * p^2/(p^2+q^2)
```

0.6కి ఇది 0.736 ఇస్తుంది. ఏ షీట్‌నైనా ముందు p = 0.5 పెట్టి చూడండి, సరిగ్గా 0.5 రావాలి. మాది 0.42 చూపించింది!

రాండమ్ సీడ్ మార్చడం, రన్‌లు పెంచడం దీనికి సంబంధం లేనివి. ముందు ఎవరు సర్వ్ చేస్తారన్నదీ అంతే, ఈ మోడల్‌లో సెట్ గెలిచే అవకాశం దానివల్ల మారదు. టైబ్రేక్‌కు మాత్రం ఈ G వాడకూడదు. అందులో సర్వ్ చేతులు మారుతుంది కాబట్టి ఇద్దరి p వేసి పాయింట్ పాయింట్‌గా లెక్కించాలి. సెట్ అవకాశం s వచ్చాక మూడు సెట్ల మ్యాచ్‌కు s²(3−2s) సరిపోతుంది.