హార్లిక్స్ ఎవరిది? డబ్బా చూసి అసలు యజమానిని పట్టుకోవచ్చా?

గోదావరి_గట్టు: మా రాజమండ్రి దగ్గరే హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉంది. డబ్బా మీద హిందుస్థాన్ అని రాసుంది. మా తమ్ముడేమో అది ఫారిన్ కంపెనీ, కొనొద్దంటాడు. అసలు యజమాని ఎవరో మనంతట మనం తేల్చుకోవడం ఎలా?

సూటిగా_సుబ్బు: దీనికింత చర్చ ఎందుకండీ? బార్‌కోడ్ 890తో మొదలైతే మన దేశానిదే. తమ్ముడికి అది చూపించండి.

పాత_పద్దులు: సుబ్బు గారూ, 890 అంటే ఆ నంబరును ఇక్కడ బార్‌కోడ్‌లు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియా దగ్గర తీసుకున్నారని మాత్రమే. విదేశీ కంపెనీకి ఇక్కడున్న శాఖ తీసుకున్నా 890 అనే వస్తుంది. యజమాని సంగతి అందులో తేలదు.

డబ్బా వెనక్కి తిప్పండి. తయారు చేసినవారి పేరు వేరు, మార్కెట్ చేసేవారి పేరు వేరు ఉండొచ్చు. తయారీ చిరునామాలు రెండు మూడు ఉంటే, బ్యాచ్ నంబరు మొదటి అక్షరాలను బట్టి ఏ ప్లాంటుదో చూసుకోమని చిన్న అక్షరాల్లో రాస్తారు. పక్కనుండే 14 అంకెల లైసెన్సు నంబరును foscos.fssai.gov.in లో కొడితే ఆ లైసెన్సు ఎవరి పేరున ఉందో వస్తుంది. చాలా సరుకుల్లో అక్కడ కనిపించేది కూలికి చేసిపెట్టే ఫ్యాక్టరీ పేరే. దాన్ని యజమాని అనుకుంటే తప్పుదోవ పట్టినట్టే.

బ్రాండ్ పేరు ఎవరిదో తెలియాలంటే ట్రేడ్‌మార్క్ రిజిస్టరు చూడాలి. tmrsearch.ipindia.gov.in లో పేరు, సరుకు తరగతి ఇస్తే యజమాని పేరు వస్తుంది. ఒక చిక్కుంది, బ్రాండ్ చేతులు మారినా రిజిస్టరులో కొంతకాలం పాత పేరే ఉండిపోవచ్చు. అందుకే కంపెనీ ప్రకటనలతో సరిచూసుకోవాలి.

హార్లిక్స్ సంగతే తీసుకోండి. ఇక్కడ అది జీఎస్‌కే కన్స్యూమర్ హెల్త్‌కేర్ చేతిలో ఉండేది. ఆ కంపెనీ 2020 ఏప్రిల్ 1న హిందుస్థాన్ యూనిలీవర్‌లో కలిసిపోయింది. బూస్ట్ కూడా దానితోపాటే వచ్చింది. హార్లిక్స్ పేరు మాత్రం విడిగా బ్రిటన్‌లోని మాతృసంస్థ జీఎస్‌కే చేతిలో ఉంటే, ఇండియా వరకు ఆ హక్కుల కోసం మరో 3,045 కోట్లు కట్టి కొన్నారు. బ్రిటన్‌లో హార్లిక్స్ వేరే కంపెనీది. పేరొకటే, దేశాన్ని బట్టి యజమాని వేరు.

ఇక చివరి మెట్టు. బీఎస్ఈ సైట్‌లో హిందుస్థాన్ యూనిలీవర్ షేరు కోడ్ 500696 కొట్టి, ఎవరికెంత వాటా ఉందో మూడు నెలలకోసారి చూపే షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ తెరవండి. ప్రమోటర్ల వరుసలో యూనిలీవర్ పీఎల్‌సీ, దాని గ్రూపు కంపెనీలు కనిపిస్తాయి. అన్నీ కలిపితే 61.9 శాతం. హిందుస్థాన్ అన్నది పేరులో ఉంది, పగ్గాలు లండన్‌లో ఉన్నాయి.

కిరాణా_కొట్టు: మా కొట్లో ఒక బిస్కెట్ బ్రాండ్ పాత సరుకు మిగిలిపోయింది. డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకోనంటున్నాడు. ఇలా అసలు కంపెనీ దొరికితే నేరుగా వాళ్లకే రాయొచ్చా?

పాత_పద్దులు: మీకు అంత దూరం అక్కర్లేదండీ. ప్యాకెట్ మీద ఫిర్యాదులకు ఇచ్చిన ఫోనూ మెయిలూ చాలు. పై వాటాదారుడికి మీ సరుకుతో పనిలేదు. అన్నట్టు, అమ్మిపెట్టేవాడిని చూసి కూడా చాలామంది పొరబడతారు. సెన్సోడైన్, ఈనో, క్రోసిన్‌లను కొన్నేళ్లు హిందుస్థాన్ యూనిలీవర్ వాళ్లే దుకాణాలకు చేర్చారు. అయినా అవి వాళ్ల బ్రాండ్లు కావు.

సూటిగా_సుబ్బు: సరే, 62 శాతం వాళ్లదే. మిగతా 38 శాతం ఎల్‌ఐసీ, మ్యూచువల్ ఫండ్లు, మనలాంటి వాళ్లు, ఇంకా బయటి ఫండ్లదీ కదా? ఫ్యాక్టరీ ఇక్కడే, జీతాలు ఇక్కడే, పన్ను ఇక్కడే. దీన్ని ఫారిన్ అని కొట్టిపారేస్తే రాజమండ్రి వాళ్లకేం ఒరుగుతుంది?

పాత_పద్దులు: జీతాల మాట కాదనను. కానీ సగానికి పైగా డివిడెండు బయటికే పోతుంది. దానికి తోడు యూనిలీవర్‌కు రాయల్టీ, సేవల ఫీజు కింద అమ్మకాల్లో 2.65 శాతం ఇచ్చేవారు, దాన్ని దశలవారీగా 3.45కి పెంచుతున్నామని 2023 జనవరిలో ప్రకటించారు. అది కొందరు మదుపరులకు నచ్చలేదు, మీరన్న ఆ 38 శాతంలోని వాళ్లే.

గోదావరి_గట్టు: షేర్‌హోల్డింగ్ పేజీ తెరిచి మా తమ్ముడికి చూపించాను. ఇప్పుడు వాడు బూస్ట్ కూడా మానేద్దామంటున్నాడు. అమ్మ మాత్రం ఫ్యాక్టరీలో పనిచేసే మా పెదనాన్న కొడుకుని అడిగి చెప్పమంటోంది. ఇంట్లో ఇంకా తెగలేదండీ.

సూటిగా_సుబ్బు: మీ అన్నయ్యని అడిగితే నా మాటే చెబుతాడు, చూడండి.