“నలుపు అంటే చూపును పోగుచేసే రంగు” – ఈ వాక్యాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

నల్లరేగడి: గ్రూపు పెద్దలకు నమస్కారం. 12వ శతాబ్దపు పారశీక తత్త్వవేత్త సుహ్రవర్దీ మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అరిస్టాటిల్ బాటలో నడిచినవాళ్లు నలుపును “జామిఅ్ లిల్ బసర్” అని నిర్వచించారని, సుహ్రవర్దీ దాన్ని ఒప్పుకోలేదని అందులో ఉంది. నేను “చూపును పోగుచేసే రంగు” అని రాశాను. చదివిన ఇద్దరూ తలపట్టుకున్నారు. “చూపును ఆకట్టుకునే రంగు” అంటే నప్పుతుందా?

సర్క్యూట్ బాబు: ఇందులో కష్టం ఏముందండీ. నల్లటి వస్తువు తన మీద పడ్డ కాంతినంతా పీల్చేసుకుంటుంది, తెల్లది వెనక్కి కొడుతుంది. “కాంతిని పీల్చుకునే రంగు” అని రాసేయండి. వాళ్లకు ఆ రోజుల్లోనే తెలిసిందన్నమాట, గ్రేట్!

పాత అలమర: బాబు గారూ, వాళ్లు అన్నది కాంతి గురించి కాదు, చూపు గురించి. తెలుపు చూపును చెదరగొడుతుంది, నలుపు దగ్గరికి లాగుతుంది అని గ్రీకుల ఊహ. ప్లేటో తిమాయస్‌లో ఉంది. నిర్వచనాలకు నమూనాగా అరిస్టాటిల్ కూడా దాన్ని వాడాడు. ఇప్పటి భౌతికశాస్త్రాన్ని అందులో దూర్చితే సుహ్రవర్దీ దేని మీద దెబ్బ వేశాడో కనబడకుండా పోతుంది. రేగడి గారూ, “పోగుచేసే” ఉంచండి. “ఆకట్టుకునే” అంటే నల్లచీర ప్రకటనలా ఉంటుంది.

ఆ వాక్యం అర్థం కాకపోవడమే సుహ్రవర్దీకి కావలసింది. అరిస్టాటిల్ పద్ధతిలో ఒక వస్తువును తెలుసుకోవాలంటే ముందు దాని జాతి చెప్పాలి, తర్వాత ఆ జాతిలో దాన్ని విడదీసే గుణం చెప్పాలి. మనిషి ఏ జాతి? జంతువు. ఏది విడదీస్తుంది? వివేకం. అదే అచ్చులో నలుపును పోస్తే, జాతి రంగు, విడదీసే గుణం చూపును పోగుచెయ్యడం. ఇప్పుడు సుహ్రవర్దీ అడుగుతాడు: ఈ మాట ఎవరికి పనికొస్తుంది? నలుపును చూసినవాడికి అక్కర్లేదు. చూడనివాడికి నలుపు కన్నా “చూపును పోగుచెయ్యడం” ఇంకా తెలియని సంగతి. తెలియనిదాన్ని అంతకన్నా తెలియనిదానితో చెబితే ఏం లాభం?

ఇంకో చిక్కు. ఆ గుణం నలుపుకే ప్రత్యేకం అని ఎలా తెలిసింది? వేరే రంగుల్లో చూసి ఉంటే అది ప్రత్యేకం కాదు. నలుపులోనే చూశారంటే నలుపు ముందే తెలిసినట్టు. పైగా మీరు చెప్పిన గుణాలతో ఆ వస్తువు అయిపోయిందని, కంటపడని అంశం మరొకటి మిగల్లేదని ఎవరు హామీ ఇస్తారు?

సంధ్యావందనం: అంటే తర్కం అనవసరం, లోపలి వెలుగు చాలు అన్నాడన్నమాట. మన అద్వైతంలో ఆత్మ స్వయంప్రకాశం అన్నదీ ఇదే కదా. పేర్లు తేడా, అంతే.

పాత అలమర: సగం నిజం, సంధ్య గారూ. తర్కాన్ని ఆయన వదల్లేదు. 1186లో ముగించిన ‘హిక్మత్ అల్ ఇష్రాఖ్’ మొదటి భాగమంతా తర్కమే, రెండో భాగంలో వెలుగుల గురించి మొదలుపెడతాడు. పైగా అరిస్టాటిల్ పద్ధతిలో ఆరితేరనివాడి చేతికి ఈ పుస్తకం ఇవ్వొద్దన్నాడు. ఆ చదువు అయ్యాక కూడా 40 రోజులు ఏకాంతంలో, మాంసం మానేసి, మితంగా తిని, అప్పుడు తెరవమన్నాడు. తను చెప్పేది మొదట ఆలోచనతో దొరకలేదనీ, దొరికాక దానికి రుజువులు వెతికాననీ రాసుకున్నాడు. ముందు దర్శనం, తర్వాత తర్కం. రెండూ కావాలి.

స్వయంప్రకాశం దగ్గర మాత్రం పోలిక నిజమే. లోకంలో నిర్వచనం అక్కర్లేనిది ఏదైనా ఉంటే అది వెలుగే, ఎందుకంటే దానికన్నా స్పష్టంగా కనబడేది లేదు, అంటాడు. తనను తాను ఎరిగిన ప్రతిదీ ఆయన లెక్కలో వెలుగే. కానీ అద్వైతంలో రెండోది లేదు. ఈయన దగ్గర వెలుగులు లెక్కలేనన్ని, ఒకదానికన్నా ఒకటి తీవ్రం, అన్నిటి పైన వెలుగుల వెలుగు. తీవ్రతలో తేడాలు నిజమైన తేడాలే. శంకరులు దీనికి ఒప్పుకోరు.

నల్లరేగడి: అలమర గారూ, ఈ “వెలుగు” ఉపమానమా, నిజంగా అన్నదా? నాకు అక్కడే టెన్షన్. వ్యాసంలో ఒకచోట కంటిచూపు, మరోచోట ఆత్మజ్ఞానం ఒకే మాటల్లో ఉన్నాయి.

పాత అలమర: ఒకే మాటల్లో ఉండాలి, మార్చకండి. చూపు విషయంలో అప్పటికి రెండు వాదాలు. కంటి నుంచి కిరణాలు బయటికి వెళ్తాయని ఒకటి, వస్తువు ఆకారం కంట్లో ముద్రపడుతుందని రెండోది. రెండోది అరిస్టాటిల్ వైపువాళ్లది. అంత పెద్ద కొండ ఇంత కంట్లో ఎలా ముద్రపడుతుందని సుహ్రవర్దీ ఎగతాళి. వెలుగు పడ్డ వస్తువు బాగున్న కంటికి ఎదురుగా ఉండాలి, మధ్య తెర ఉండకూడదు, అంతే, చూపు జరిగిపోతుంది, నకలుతో పనిలేదు అన్నాడు.

ఇదే లోపలికి తిప్పండి. “నేను” అన్నది నాకు ఒక నకలు ద్వారా తెలిస్తే, ఆ నకలు నాకు “అది” అవుతుంది, “నేను” కాదు. అది నా నకలే అని గుర్తుపట్టాలన్నా నేను ముందే తెలిసి ఉండాలి. కాబట్టి నన్ను నేను ఎరగడం నకలు లేని ఎరుక. దాన్ని “ఉనికితో కలిగే జ్ఞానం” అంటారు. తమాషా ఏమిటంటే, తన మరో గ్రంథం ‘తల్వీహాత్’లో ఈ వాదన అరిస్టాటిల్ నోటే చెప్పించాడు! జ్ఞానం అంటే ఏమిటో తేలక సతమతమవుతుంటే కలలో అరిస్టాటిల్ వచ్చి “ముందు నీలోకి నువ్వు తిరుగు” అన్నాడట. ఇస్లామిక్ తత్త్వవేత్తల పేర్లు చెబితే పట్టించుకోలేదట, బాయజీద్ బస్తామీ వంటి సూఫీల పేరెత్తగానే వాళ్లే అసలు తత్త్వవేత్తలు అన్నాడట. ప్రత్యర్థి గురువునే సాక్షిగా పిలిపించాడు, గడుసువాడు.

సర్క్యూట్ బాబు: కలలో చెప్పాడంటే నేను నమ్మాలా? రేపు నాకూ కలలో న్యూటన్ వస్తాడు.

పాత అలమర: కలను పక్కన పెట్టినా నకలు వాదన నిలుస్తుంది, దాన్ని కొట్టండి చూద్దాం. అయితే మీ అనుమానం వెలుగుల లోకాల విషయంలో గట్టిదే. దానికి ఆయన జవాబు, నక్షత్రాల విషయంలో ఒకరిద్దరు గమనించి చెప్పింది నమ్ముతాం కదా, లోపల గమనించినవాళ్ల మాట ఎందుకు నమ్మరు అని. నాకు ఇది బలహీనంగానే అనిపిస్తుంది. ఖగోళజ్ఞుడి లెక్క తప్పైతే గ్రహణం సరైన వేళకు పట్టదు, అందరికీ తెలిసిపోతుంది. లోపలి దర్శనం తప్పైతే ఏం జరగాలి?

బ్రెయిలీ టీచర్: ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. నేను పుట్టుగుడ్డి పిల్లలకు పాఠాలు చెబుతాను. సుహ్రవర్దీ గారి ప్రకారం నలుపు చూడనివాళ్లకు చెప్పలేం. కానీ మా పిల్లలు ఆ మాటను తప్పు లేకుండా వాడతారు. ఎండలో నల్లబట్ట ఎక్కువ వేడెక్కుతుందని తెలుసు, కాకి నలుపని తెలుసు, ముదురు నీలానికి దగ్గరనీ తెలుసు. ఒకమ్మాయి “మీకు తెలిసినదాంట్లో నాకు తెలియంది ఏది టీచర్?” అంది. నాకు జవాబు దొరకలేదు.

సంధ్యావందనం: ఆ పిల్లకు నలుపు గురించి తెలుసు, నలుపు తెలియదు. అంతే తేడా.

బ్రెయిలీ టీచర్: నేనూ అదే అన్నానండీ. “గురించి కాకుండా మిగిలేది ఏమిటో చెప్పండి” అంది.

పాత అలమర: ఆ అమ్మాయి సుహ్రవర్దీనీ, అరిస్టాటిల్‌నీ ఇద్దరినీ ఇరుకున పెట్టింది. మిగిలేదాన్ని చెప్పగలిగితే అది నిర్వచనం అయిపోతుంది, ఈయన ఓడినట్టు. చెప్పలేకపోతే అది ఉందనడానికి కళ్లున్నవాళ్ల మాట తప్ప ఆమెకు ఆధారం లేదు. రేగడి గారూ, మీ వ్యాసకర్త దీని గురించి ఏమైనా రాశాడా?

నల్లరేగడి: లేదండీ, నలుపు ఉదాహరణ చెప్పి దాటేశాడు. “పోగుచేసే” ఉంచేస్తున్నాను, అడుగున చిన్న వివరణ ఇస్తాను. టీచర్ గారూ, ఆ అమ్మాయి ప్రశ్నను, పేరు లేకుండా, అందులో చేర్చుకోవచ్చా?

బ్రెయిలీ టీచర్: తననే అడిగి చెబుతాను.