నల్లనివాడు ఏ రంగువాడు? మౌళి "పరిశోభిత"మా, "పరిసర్పిత"మా?

బొమ్మలబడి: పోతన పద్యాలతో పిల్లల బొమ్మల పుస్తకం చేస్తున్నాను. ఒక్కో పద్యానికి ఎదురెదురు పేజీలు రెండూ కలిపి ఒకే బొమ్మ. "నల్లనివాడు పద్మనయనంబులవాడు" దగ్గర ఆగిపోయాను. రెండో పాదం నా నోట "మౌళిపరిశోభిత పింఛమువాడు" అనే వస్తోంది, అమ్మ మాత్రం "పరిసర్పిత" అంటోంది. గణాలు వేసి చూస్తే రెండూ సరిపోయాయి. పద్యాన్ని బొమ్మలోనే రాసేశాను, అందుకని ప్రెస్‌కి పంపేలోపు ఇది తేలాలి. ఇంకో సంగతి, కృష్ణుడి ఒంటికి నిండు నీలం వేశాను. నల్లని అన్నాక నలుపే వేయాలని ఒకరు పట్టుబడుతున్నారు. పేజీ ఎనిమిదిన్నర అంగుళాల చదరం, ఫైలు వెడల్పు 4096 పిక్సెళ్లు.

యతిప్రాస: గణాలు చూసి యతి వదిలేశారు. ఉత్పలమాలలో యతి పదో అక్షరం మీద. "కృపారసంబుపైఁ" తర్వాత చల్లెడు కాస్తా జల్లెడు అయింది కాబట్టి పాదం "జ"తో మొదలవుతుంది. పదో అక్షరం "సర్పిత"లోని "స". జకారానికి సకారానికి మైత్రి ఉంది, రెంటిలో అచ్చు అకారమే. "శో" పెడితే హల్లు కుదురుతుంది గానీ ఓకారం అకారంతో కలవదు. మీ అమ్మగారిదే సరైన పాఠం.

కలువకొలను: పాఠం ఒప్పుకుంటాను. రంగు మాత్రం నీలమే ఉంచండి. నీలోత్పలాన్ని మనవాళ్లు నల్లకలువ అనే అన్నారు, నీలమేఘశ్యాముడు ఉండనే ఉన్నాడు, తెలుగులో నలుపుకీ నీలానికీ మధ్య గోడ లేదు. ప్రింటు గురించి దిగులు పడకండి, చివర్లో ఫైలుని అచ్చుకి వాడే నాలుగు ఇంకుల పద్ధతి, అంటే CMYK లోకి మారిస్తే స్క్రీన్ మీద ఉన్న నీలమే వస్తుంది.

అచ్చుపని: నల్లకలువ వరకు మీ మాట నిజమే గానీ ఆ చివరి వాక్యం నమ్మి పంపితే కృష్ణుడు వంకాయరంగులో వస్తాడు. స్క్రీన్ మీది నిండు నీలం నాలుగు ఇంకులకి అందదు. మార్చినప్పుడు సయాన్ ఎనభై దాటి పడుతుంది, మెజెంటా కూడా దాదాపు అంతే పడుతుంది, ఆ రెండూ దగ్గరైతే కాగితం మీద కనిపించేది ఊదా. మెజెంటాని సయాన్ కన్నా కనీసం ముప్పై తక్కువలో ఉంచాలి. C100 M60 Y0 దగ్గర మొదలుపెట్టి, ముదురు కావాలంటే మెజెంటా పెంచకుండా నలుపు కలపండి. K40 కలిపితే నలుపు వైపు వాలిన నీలం వస్తుంది, నల్లకలువ అన్నవారికి కూడా అభ్యంతరం ఉండకపోవచ్చు. మార్చకముందే చూసుకోవాలంటే ప్రెస్ వాళ్లని కలర్ ప్రొఫైల్ అడిగి తీసుకుని ఫొటోషాప్‌లో View > Proof Setup > Custom లో దాన్ని ఎంచుకోండి, ఆ తర్వాత Ctrl+Y నొక్కుతూ అచ్చు రంగునీ స్క్రీన్ రంగునీ మార్చి మార్చి చూడొచ్చు. స్క్రీన్ రంగుల్లో ఉన్న RGB అసలు ఫైలు మాత్రం చెరపొద్దు, కాగితం మారితే మళ్లీ అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

పాతఅట్ట: తెలుపు సంగతి కూడా చూసుకోండి. మేం "శారదనీరదేందు" పద్యానికి బొమ్మ వేయించాం. పోతన అక్కడ మబ్బు, చందురుడు, కర్పూరం, హంస, మల్లెదండ, మంచు, నురగ అంటూ ఊపిరాడకుండా తెల్లనివే పేరుస్తాడు. నాలుగు ఇంకుల అచ్చులో తెల్ల ఇంకు ఉండదు, తెలుపంటే ఇంకు పడని కాగితమే. మేం తీసుకున్న మ్యాప్‌లితో కాగితం కాస్త గోధుమవన్నెది, హంస కూడా ఆ వన్నెలోనే వచ్చింది. రెక్కల నీడలు రెండు మూడు శాతం సయాన్‌తో వేసి ఉండటం వల్ల అచ్చులో నిలవనే లేదు, ప్రూఫ్‌లో చూసి ఎనిమిది శాతానికి పెంచాక ఈకలు కనిపించాయి. మీ బొమ్మలో "ఓ మల్లియలార" అని పిలిచే పొదలున్నాయి కదా, పూల రేకులకి ఇదే జరుగుతుంది.

యతిప్రాస: ఆ పద్యం ఎత్తారు కాబట్టి చెప్తున్నా, అందులో ఒక్క తెలుపు రెండోదానిలా ఉండదు. రజతాచలం మెరుస్తుంది, తుషారం తడిగా ఉంటుంది, పటీరం చల్లగా తగులుతుంది. "శుభాకారత నొప్పు నిన్ను" దగ్గరికి వచ్చేసరికి అవన్నీ ఒకే వెలుగవుతాయి. పోతన చెవి ఎలాంటిదో చూడాలంటే ఇదొక్కటి చాలు.

బొమ్మలబడి: రంగు సంగతి అర్థమైంది. మరి సైజు? ప్రెస్ వాళ్లు బ్లీడ్ లేదు, రిజల్యూషన్ చాలదు అని తిప్పి పంపారు. ఫైల్లో 300 అనే పెట్టాను.

కలువకొలను: చుట్టూ తెల్లటి మార్జిన్ వదిలితే బ్లీడ్ అక్కర్లేదు కదా?

అచ్చుపని: మార్జిన్‌తో వేసే బొమ్మకి అక్కర్లేదు. ఈమె బొమ్మ పేజీ అంచుదాకా ఉంది. కత్తి మిల్లీమీటరు అటూ ఇటూ జరిగినా తెల్లగీత కనిపిస్తుంది, అందుకే కోతకి బయట 3 మిల్లీమీటర్ల బొమ్మ ఉండాలి. రెండు పేజీలు విప్పితే 432 × 216 మిల్లీమీటర్లు, బ్లీడ్‌తో 438 × 222. ఇక్కడ చాలామంది బొమ్మనే కాస్త సాగదీస్తారు. మీ పింఛం కొన పై అంచుకి ఎంత దూరం?

బొమ్మలబడి: 2 మిల్లీమీటర్లు.

అచ్చుపని: అయితే సాగదీయొద్దు. 216ని 222 చేస్తే మధ్య నుంచి 106 దూరంలో ఉన్న కొన దాదాపు 109కి పోతుంది, కోత పడేది 108 దగ్గర. పింఛం మొన తెగుతుంది. కాన్వాస్ పెంచి అంచుల్లో ఆకాశం, పొదలు కొత్తగా వేయండి, కొనని మాత్రం కోతకి 5 మిల్లీమీటర్లు లోపలికి దించండి. ముఖం, చేతులు రెండు పేజీల మధ్య మడతలో పడకుండా చూడండి.

ఫైల్లో 300 అని రాసి ఉన్నంత మాత్రాన పిక్సెళ్లు పెరగవు. 4096ని 432 మిల్లీమీటర్ల మీద పరిస్తే అంగుళానికి దాదాపు 241 చొప్పునే వస్తాయి. 300 కావాలంటే బ్లీడ్‌తో కలిపి వెడల్పు 5173 ఉండాలి. మెత్తటి కుంచెపని అయితే 241తో కూడా అచ్చు బాగానే వస్తుంది, ప్రెస్ ఒప్పుకుంటే ఆ మేరకు ఒప్పించొచ్చు. అక్షరాలకి చాలదు. ఒత్తులు, వట్రసుడి అంచులు రంపపు పళ్లలా కనిపిస్తాయి. పద్యాన్ని బొమ్మలోంచి తీసి ఇన్‌డిజైన్‌లో టైపు చేయండి, "శోభిత"ని "సర్పిత"గా దిద్దడానికి బొమ్మ ముట్టుకోనక్కర్లేదు. లేత నేపథ్యం మీదైతే అక్షరాలు నలుపు ఒక్క ఇంకుతోనే, K100. నాలుగు ఇంకులతో వేస్తే ప్లేట్లు వెంట్రుకవాసి తప్పినా ప్రతి ఒత్తుకీ రంగు అంచు వస్తుంది. రాత్రి ఆకాశం మీద తెల్ల అక్షరాలు పెడితే కాస్త లావు ఫాంట్ తీసుకోండి, ఇంకు పరుచుకుని సన్నటి గీతలు పూడిపోతాయి.

యతిప్రాస: ఆకాశం అన్నారు గనక, అది శరత్కాలపు వెన్నెల రాత్రి. కటిక నలుపు వేయకండి.

అచ్చుపని: ఇంకుపరంగా కూడా అదే నయం. RGB నలుపుని మామూలు సెట్టింగుల్లో మారిస్తే నాలుగు ఇంకులూ కలిపి దాదాపు 300 శాతం పడుతుంది, మ్యాప్‌లితో మీద అది ఆరక పై షీటు వెనక్కి అంటుకుంటుంది. C60 M40 Y40 K100 అయితే 240, దాన్ని పొదల అడుగు నీడలకి మాత్రమే వాడండి.

కలువకొలను: అంతా బాగుంది గానీ "పరిసర్పిత" అంటే బొమ్మలో ఏం కనిపించాలి? చుట్టూ పరుచుకున్న పింఛమా, కదులుతున్న పింఛమా? నాకు సర్పంలా వంపు తిరిగి జారుతున్నట్టే వినిపిస్తుంది.

యతిప్రాస: ధాతువు కదలికదే, ఒప్పుకుంటాను. కానీ సిగ మీద అంతటా అలముకుని ఉన్నది అనే అర్థమే నాకు దగ్గర. పాము దాకా పోనక్కర్లేదు.

బొమ్మలబడి: ఒంటి రంగు C100 M60 K40 ఒకటి, K60 ఒకటి, రెండు ముక్కలూ ప్రూఫ్ తీయిస్తాను. పింఛం ఎటూ కిందికి దించాలి కదా, కాస్త వంపు తిప్పి చూస్తాను.

అచ్చుపని: ప్రూఫ్ ఏ కాగితం మీద? నున్నటి ఆర్ట్ పేపర్ మీద చూసి మ్యాప్‌లితో మీద అచ్చేస్తే K60 ముక్క ఇంకా మసకబారుతుంది. పుస్తకం వేసే కాగితం మీదే తీయించండి.