లిఫ్టులో ‘ఎందాకా?’ అని అడిగితే ఏమని చెప్పాలి?

విజయవాడ గృహిణి: మాది అయిదు అంతస్తుల అపార్టుమెంటు. మొన్న అత్తగారిని రైలెక్కించడానికి సూట్‌కేసుతో లిఫ్టు దగ్గర నిలబడ్డాం. ఎదురింట్లో కొత్తగా దిగిన అమ్మాయి నవ్వుతూ “ఎక్కడికండీ?” అంది. అత్తగారు వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి అప్పుడు బయల్దేరారు. ఆ అమ్మాయి బిత్తరపోయింది. లిఫ్టు కిందికి దిగుతుంటే రెండో అంతస్తులో ఎక్కిన పెద్దాయన “ఎందాకండీ?” అన్నారు. ఆయన బటన్ల పక్కనే నిలబడ్డారు కదా అని నేను “గ్రౌండ్” అన్నాను. “అది కాదమ్మా, ప్రయాణం!” అని ఆయన, అత్తగారు కలిసి నవ్వారు. రెండూ ఒకే ప్రశ్న కదా, ఒకదానికి కోపమూ మరొకదానికి నవ్వూ ఎందుకు?

రాజమండ్రి మాస్టారు: రెండూ ఒకటి కావమ్మా. ‘ఎంత దాక’ కుదించుకుపోయి ‘ఎందాక’ అయింది. ‘అందాక’, ‘ఇందాక’ కూడా అలా వచ్చినవే. వాటిలో ‘ఇందాక’ దూరాన్ని వదిలి కాలంలోకి వెళ్ళిపోయింది. ‘ఇందాక వచ్చాడు’ అంటే కాసేపటి కిందట అని. ‘ఎక్కడికి’ అని అడిగితే ఊరి పేరో పని పేరో చెప్పాలి. ‘ఎందాకా’ అన్నవారికి “ఇలా బజారు దాకా” అంటే చాలు. అదీ చెప్పకుండా “ఇదిగో, ఇలా” అని చెయ్యి ఊపి మెట్లు దిగిపోయినా నొచ్చుకోరు.

గుంటూరు సభ్యుడు: అసలు కారణం వేరే ఉంది. ‘ఎక్కడికి’లో ‘కడ’ ఉంది. కడ అంటే చివర, అంటే చావు. అందుకే అపశకునం.

రాజమండ్రి మాస్టారు: ‘కడ’ ఉన్న మాట నిజమే. ‘కడదాకా’ అన్నప్పుడు అది చివర. కానీ ‘ఎక్కడ’లో ఉన్నది చోటు అనే అర్థంలో ఉన్న కడ. ‘నా కడకు రా’ అంటాం చూడండి, అది. మీ లెక్కన “ఇక్కడికి రండి” అని భోజనానికి పిలిచినా శాపమే అవ్వాలి.

కరీంనగర్ విద్యార్థి: మా వైపు ‘ఏడికి’ అని పొద్దున్నుంచి రాత్రి దాకా అడుగుతూనే ఉంటారు. ఎవరూ వెనక్కి వెళ్ళి నీళ్ళు తాగరు. అయితే సంబంధం చూడటానికి బయల్దేరినప్పుడు అదే మాట అన్నందుకు మా అమ్మమ్మ చేత తిట్లు తిన్నాను. కాబట్టి తప్పు మాటదా, సమయానిదా అన్నది నాకు తేలలేదు.

నెల్లూరు సభ్యుడు: మా లిఫ్టు పాడై మూడు నెలలైంది. ఎందాకా అంటే కిందిదాకా, నడిచే! మెయింటెనెన్సు డబ్బులు మాత్రం ఒకటో తేదీకల్లా కట్టాలి. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

చెన్నై తెలుగువారు: ఇక్కడ మా పక్కింటి తమిళావిడ ప్రయాణమై వెళ్తుంటే ‘ఎంగే’ అనదు, “దూరమా?” అంటుంది. పలకరింపు ఒక భాషదే కాదు.

హైదరాబాదు ఉద్యోగిని: మా వాచ్‌మన్ భార్యను గమనించాను. ఆమె ప్రశ్న ‘ఎ’తో మొదలవ్వదు. చేతిలో క్యారియర్ కనబడితే “ఆఫీసుకా?”, సంచీ కనబడితే “కూరగాయలకా?”, సాయంత్రం గేటు దగ్గర “ఇప్పుడేనా రావడం?” చివర ఆ దీర్ఘం ఉంది చూడండి, దానికి “ఆ” అంటే సరిపోతుంది. చెప్పడానికి ఏమీ ఉండదు, దాచడానికీ ఏమీ ఉండదు.

బెంగళూరు ఇంజినీరు: నాకు అదీ వద్దు. నమస్కారం చాలు. నేను ఎక్కడికి వెళ్తే వీళ్ళకెందుకు?

హైదరాబాదు ఉద్యోగిని: ఎందుకూ అక్కర్లేదు, అందుకే అడుగుతున్నారు! ఇందులోనూ ఒక ప్రమాదం ఉంది లెండి. ఫైలు పట్టుకుని వెళ్తున్న మా పై అంతస్తు ఆయనను ఆమె “బ్యాంకుకా?” అంది. అది స్కానింగు రిపోర్టు. ఆయన “ఆ” అనలేక, కాదనలేక నిలబడిపోయారు. అలాంటప్పుడు “బయల్దేరారా?” మేలు, ఊహించడం ఉండదు.

రాజమండ్రి మాస్టారు: ఆ మాట ఒప్పుకుంటాను. కానీ బటన్ల దగ్గర నిలబడి ‘ఎందాకా’ అంటే మాత్రం తప్పు ఆయనదే. అక్కడ ‘ఎన్నో అంతస్తు’ అనేది నిజమైన ప్రశ్న, దానికి చోటు వదలాలి.

విజయవాడ గృహిణి: ఇవాళ ఎదురింటి అమ్మాయి మళ్ళీ కనబడింది. నా చేతిలోని సంచీని చూసి, కాస్త భయపడుతూ “రైతుబజారుకా అండీ?” అంది. సంచీలో ఉన్నది ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు. “ఆ” అన్నాను.