చక్రం ఆగినా చట్రం ఎందుకు ఆగడం లేదు?

రియాక్షన్ వీల్‌తో ఉపగ్రహం తిరిగే తీరు చూడటానికి, ఒక చట్రాన్ని సన్నని నైలాన్ దారంతో వేలాడదీసి, మధ్యలో మోటారుతో తిరిగే చక్రం పెట్టాను. చక్రం జడత్వ భ్రామకం 0.0001, చక్రంతో సహా మొత్తానిది 0.02 కిలోగ్రామ్ చదరపు మీటర్లు. చట్రంతో పోలిస్తే చక్రం సవ్యదిశలో నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, చట్రం అపసవ్యదిశలో 15 చుట్లు, అంటే సెకనుకు 90 డిగ్రీలు తిరగాలి. దాదాపు అలాగే తిరుగుతోంది.

చిక్కంతా ఆపేటప్పుడే. 5 సెకన్ల తర్వాత చక్రానికి బ్రేకు వేస్తే చట్రం కూడా ఆగాలి కదా, మొత్తం కోణీయ ద్రవ్యవేగం మొదట సున్నాయే. కానీ అది సవ్యదిశలో సెకనుకు సుమారు 4 డిగ్రీల వేగంతో తిరుగుతూనే ఉంటోంది. చక్రాన్ని అపసవ్యదిశలో తిప్పితే ఈ మిగులు కూడా దిశ మారుతోంది, కాబట్టి గదిలో గాలి వీచడం కారణం కాదు. బేరింగు ఘర్షణ అంతర్గత బలమే, మొత్తాన్ని మార్చలేదు. చక్రానికి మూత పెట్టాను, దారం పొడవు రెట్టింపు చేశాను, తేడా కనబడలేదు.

ఇక మిగిలినవి దారం మెలిక, చట్రంపై గాలి నిరోధం. రెండూ ఒకే దిశలో లాగుతాయి. వీటిలో ఏది కారణమో తేల్చడానికి, బ్రేకు వేశాక ఏం కొలవాలి?